అమ్మకీ అన్నయ్యకీ మధ్య ఒక నవల

నాన్న పోయిన మూడో రోజు సాయంత్రం మా ఇంట్లో గొంతులు పెద్దవయ్యాయి. అప్పటిదాకా ఏడుపులతోనే సరిపోయింది. ఆ సాయంత్రం అమ్మ పెద్దకర్మ సంగతి ఎత్తింది. "నాన్న ఏం చెప్పారో నీకూ తెలుసు కదమ్మా" అన్నాడు అన్నయ్య.

మా నాన్న తెనాలిలో ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు. దేవుణ్ణి నమ్మేవారు కాదు. "నేను పోయాక నిప్పు పెట్టండి, చాలు. పిండాలూ పదకొండో రోజులూ వద్దు" అని పదేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. అమ్మ శనివారాలు ఒంటిపూట ఉంటుంది. కార్తీకమాసం వస్తే తెల్లారుజామునే దీపం పెట్టనిదే కాఫీ ముట్టదు. యాభై రెండేళ్ళు ఆ ఇద్దరూ ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా కాపురం చేశారు. ఆయన పోయాక ఆ ఒప్పందాన్ని ఎవరు, ఎలా నిలబెట్టాలో మాకెవరికీ తెలియలేదు.

పైగా ఒక్క మాట మమ్మల్ని చిక్కులో పెట్టింది. ఆస్పత్రిలో ఆఖరి రాత్రి, ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో నాన్న "అమ్మా... రామా" అన్నారు. పక్కన నేనే ఉన్నాను. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పిందీ నేనే. అదే తప్పయింది. "చూశారా, చివరికి ఆయనా తలుచుకున్నారు. ఇక కర్మ చెయ్యకపోతే ఆ జీవి ఎక్కడ తిరగాలి?" అంటుంది అమ్మ. "తెలివిలో లేని మనిషి ఒక్క మాటకి అర్థాలు తీస్తున్నావు. తెలివిగా ఉండి జీవితమంతా చెప్పిన మాట లెక్కలోకి రాదా?" అంటాడు అన్నయ్య. ఇద్దరూ నావైపు చూశారు. నేను గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక నాన్న పుస్తకాల బీరువా తెరిచాను. చేతికి తగిలిన పుస్తకం 'సంస్కార'. యు.ఆర్. అనంతమూర్తి కన్నడంలో రాసిన నవల. 1965లో వచ్చింది. నాన్న దగ్గరున్నది 1976లో ఎ.కె. రామానుజన్ చేసిన ఇంగ్లీషు అనువాదం. కాలేజీ రోజుల్లో నేనూ చదివాను కానీ, శవం చుట్టూ తిరిగే కథ అన్న సంగతి తప్ప ఏమీ గుర్తులేదు. పేజీల నిండా నాన్న పెన్సిలు గీతలున్నాయి. ఆ గీతలు వెంట పట్టుకుని తెల్లవారేదాకా చదివాను. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఆ కథ అమ్మకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అన్నయ్య పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గానీ పేజీ తిప్పలేదు.

పొయ్యి వెలగని ఊరు

కథ జరిగేది కర్ణాటకలో, పడమటి కనుమల దగ్గర మల్నాడులో. దుర్వాసపురం అనే అగ్రహారం. అందరూ మాధ్వ బ్రాహ్మణులు. వాళ్ళలో ప్రాణేశాచార్యులు గొప్ప పండితుడు. కాశీలో చదువుకుని వచ్చినవాడు. ఆ ఊరికే కాదు, చుట్టుపక్కల ఊళ్ళకి కూడా ఆయన మాటే శాస్త్రం. ఆయన భార్య భాగీరథి పెళ్ళయిన నాటి నుంచీ రోగిష్ఠి. ఆమెకి స్నానం చేయించడం, గంజి తాగించడం, మందు పొయ్యడం అన్నీ ఆయనే చేస్తాడు. ఒకరోజు ఆయన భోజనానికి కూర్చోబోతుండగా వాకిట్లోకి చంద్రి అనే ఆడమనిషి వచ్చి, నారణప్ప పోయాడని చెబుతుంది.

నారణప్పదీ ఆ అగ్రహారమే. కానీ కట్టుకున్న భార్యని వదిలేశాడు. కులం తక్కువదని వాళ్ళంతా అనుకునే చంద్రిని కుందాపురం నుంచి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. తాగాడు, మాంసం తిన్నాడు. ముస్లిం స్నేహితుల్ని తీసుకొచ్చి గుడి కోనేట్లో చేపలు పట్టాడు. ఇంట్లో తరాలుగా పూజలందుకున్న సాలగ్రామాన్ని ఏట్లో విసిరేశాడు. వెలి వేస్తామంటే, "వెయ్యండి, ముస్లింనయిపోతాను. అప్పుడీ అగ్రహారంలో నాతోపాటే బతకాలి మీరు" అన్నట్టు బెదిరించాడు. అందుకని వెలి వెయ్యలేదు. శివమొగ్గ వెళ్ళివచ్చి, జ్వరంతో, ఒంటి మీద గడ్డతో పడి చచ్చిపోయాడు.

వెలి వెయ్యలేదు కనక అతను బ్రాహ్మణుడిగానే పోయాడు. బ్రాహ్మణుడి శవాన్ని బ్రాహ్మణుడే దహనం చెయ్యాలి. పిల్లల్లేరు. దాయాదులెవరైనా ముందుకొస్తే, అతని పాపం తమకి చుట్టుకుంటుందని భయం. శవం లేచేదాకా ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టకూడదు. ఈ నియమం మనకీ కొత్త కాదు. వీధిలో పీనుగుంటే గుడి తలుపులు మూయడం, ఎదురింట్లో పొయ్యి వెలిగించకపోవడం మన ఊళ్ళలోనూ చూసినవే.

ఇక్కడిదాకా చెప్పగానే అమ్మ అడిగింది, "మరి ఆ ఆచార్యులుగారే చెయ్యచ్చుగా?" అని. నవలంతా ఆ ప్రశ్నే.

ఎవరిని చూసి నవ్వాడు?

నమ్మినవాడినీ నమ్మనివాడినీ ఒకే కథలో పెట్టిన రచయితలు చాలామంది ఒక తేలిక దారి పడతారు. నమ్మినవాణ్ణి దొంగభక్తుణ్ణి చేస్తారు, లేదా నమ్మనివాణ్ణి తాగుబోతుగా చూపించి చివర్లో దేవుడి కాళ్ళ మీద పడేస్తారు. అనంతమూర్తికి ఈ రెండు దారులూ చేతికి దగ్గర్లోనే ఉన్నాయి. ఆయన ఏం చేశాడో చూడండి.

ప్రాణేశాచార్యులు దొంగ కాడు. ఆయన నిష్ఠకి ఆయన ఖరీదు కడుతూనే ఉన్నాడు. నన్ను వదిలి మళ్ళీ పెళ్ళి చేసుకోండి, పిల్లలు పుడతారని భార్యే అడిగినా ఒప్పుకోలేదు. నారణప్పని వెలి వెయ్యకపోవడానికి ఒక్క భయమే కారణం కాదు. నారణప్ప తల్లి పోయేటప్పుడు, నీ కొడుకుని దారిలో పెడతానని ఆమెకి మాట ఇచ్చాడు. ఆ మాట కోసం ఇన్నేళ్ళూ ఓపిక పట్టాడు. ఈ చోట నాన్న పెన్సిలుతో రెండు గీతలు గీశారు. దేవుణ్ణి నమ్మని మనిషి, రోగిష్ఠి భార్యకి గంజి తాగిస్తున్న ఆచార్యుల దగ్గర కూడా గీత గీశారు. అది చెబితే అమ్మ కళ్ళు తుడుచుకుంది.

నారణప్ప కూడా వట్టి తాగుబోతు కాడు. అతని ప్రశ్నల్లో పదునుంది. ఆచార్యులు సాయంత్రాలు అరుగు మీద పురాణం చెబుతాడు. అందులోని శృంగార వర్ణనలు విన్న ఒక కుర్రాడు తట్టుకోలేక ఏటి ఒడ్డుకు పోయి, అక్కడున్న ఆడమనిషిని చేరతాడు. నువ్వు చదివే పుస్తకాల్లో రుచి ఉంది, అది బతుకులో రుచి చూస్తే మాత్రం పాపమా అన్నది నారణప్ప వాదం. ఆచార్యుల దగ్గర దానికి సరైన జవాబు లేదు. నువ్వు గెలుస్తావో నేను గెలుస్తానో చూద్దాం అని ఇద్దరి మధ్యా పందెంలాంటిది పడుతుంది.

"అదీ మాట!" అన్నాడు అన్నయ్య, పేపరు పక్కన పెట్టి.

"ఆగరా" అంది అమ్మ. "మాటకేం, బాగానే ఉంది. వదిలేసిన ఆ పెళ్ళాం ఏమైంది?"

నేను చెప్పాను. ఆమె మతి చెదిరి చనిపోయింది. రచయిత ఆ సంగతి దాచలేదు. నారణప్ప స్వేచ్ఛకి ఎవరు ఖరీదు కట్టారో అదీ రాశాడు. అన్నయ్య మళ్ళీ మాట్లాడలేదు. అమ్మ గెలిచిన మొహం పెట్టలేదు. నాన్న ఆవిణ్ణి వదిలెయ్యలేదని గుర్తొచ్చిందనుకుంటాను.

ఇంతకీ రచయిత నవ్వింది వీళ్ళిద్దర్నీ చూసి కాదు. చంద్రి తన ఒంటి మీది బంగారమంతా తీసి, దహనం ఖర్చుకి ఉంచండి అని ఆచార్యుల ముందు పెడుతుంది. అంతే. అప్పటిదాకా "పాపం చుట్టుకుంటుంది" అన్నవాళ్ళకి దాయాదిత్వం గుర్తొస్తుంది. ఆ కర్మ చేసే హక్కు మాదంటే మాదని తయారవుతారు. రచయిత నవ్వు వీళ్ళ మీద. వీళ్ళకి నమ్మకమూ లేదు, అనుమానమూ లేదు. ఆకలీ బంగారమూ ఉన్నాయి. నవల న్యాయంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదొక కొలబద్ద అనిపించింది నాకు. రచయిత ఎవర్ని వెక్కిరిస్తున్నాడో చూడాలి. నిజంగా నమ్మినవాణ్ణీ, నిజంగా ప్రశ్నించినవాణ్ణీ వెక్కిరించకుండా, నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే మూడో రకాన్ని వెక్కిరిస్తే తూకం సరిగ్గా ఉన్నట్టే.

దేవుడు ఏమీ చెప్పలేదు

ఆచార్యులు రాత్రంతా తాళపత్రాలు తిరగేస్తాడు. ఇలాంటి మనిషికి ఎవరు కర్మ చెయ్యాలో వాటిల్లో దొరకదు. మర్నాడు అడవిలో ఉన్న మారుతి గుడికి వెళతాడు. విగ్రహానికి రెండువైపులా పూలు పెట్టి, చెయ్యమంటావా, వద్దంటావా అని అడుగుతాడు. కుడివైపు పువ్వు రాలితే ఒక జవాబు, ఎడమవైపు రాలితే ఇంకో జవాబు. మన గుళ్ళలోనూ పువ్వు పెట్టి అడగడం ఉంది కదా. ఎండ నెత్తికెక్కుతుంది, పొద్దు వాలుతుంది. ఏ పువ్వూ రాలదు.

ఇక్కడ రచయిత చేతిలో గొప్ప అధికారం ఉంది. కుడి పువ్వు రాల్చి ఉంటే నమ్మినవాడు గెలుస్తాడు. గుళ్ళో పూజారి మోసం ఏదో బయటపెట్టి ఉంటే నమ్మనివాడు గెలుస్తాడు. ఆయన రెండూ చెయ్యలేదు. మౌనాన్ని మౌనంగానే వదిలేశాడు. దేవుడు లేడు కాబట్టి పలకలేదని అన్నయ్య అనుకోవచ్చు. నీ బరువు నువ్వే మొయ్యమని పలకలేదని అమ్మ అనుకోవచ్చు. అనుకున్నారు కూడా.

రోగం సంగతీ అంతే. అగ్రహారంలో ఎలుకలు గిరగిరా తిరిగి చచ్చిపడుతుంటాయి. ఇళ్ళ మీద రాబందులు వాలతాయి. నారణప్ప ప్రేతమై పీడిస్తున్నాడని ఊరివాళ్ళు గజగజలాడి జాగంటలూ శంఖాలూ మోగిస్తారు. అది ప్లేగని చదివేవాళ్ళకి తెలిసిపోతుంది. ఎలుక చచ్చిపోతే దాని మీది పురుగులు మనుషుల మీదికొస్తాయి, వాటితో రోగం వస్తుంది. పాపమూ పుణ్యమూ చూడదు. నారణప్పతో మొదలైనా అతనితో ఆగదు. ఆచార్యుల భార్య భాగీరథిని కూడా తీసుకుపోతుంది. ప్లేగుని నారణప్పకి శిక్షగా చూపించి ఉంటే రచయిత ఒక పక్షం చేరినట్టయ్యేది. అదే ప్లేగు భాగీరథిని కూడా తీసుకుపోయాక ఇక ఏ పక్షంవాళ్ళూ దాన్ని సాక్ష్యానికి పిలవలేరు.

శాస్త్రం చదవని చంద్రి

గుడి నుంచి చీకట్లో తిరిగి వస్తున్న ఆచార్యులకి దారిలో చంద్రి ఎదురవుతుంది. ఆకలితో, ఓటమితో ఉన్న మనిషి. ఆమె ఆయన కాళ్ళ మీద పడుతుంది. ఆ క్షణంలో ఇద్దరూ ఒకటవుతారు. అర్ధరాత్రి ఆయనకి మెలకువ వచ్చేసరికి తల ఆమె ఒళ్ళో ఉంటుంది. ఆమె కొంగులో తెచ్చిన అరటిపళ్ళు ఇస్తుంది. ఇక నేను తీర్పు చెప్పడానికి పనికిరాను, జరిగింది అందరికీ చెప్పు అంటాడాయన.

అమ్మకి ఈ భాగం ఎలా చెప్పాలా అని తడబడ్డాను. అమ్మే, "సరేలే, అర్థమైంది, తర్వాత చెప్పు" అంది.

తర్వాత జరిగింది ఈ నవలలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చంద్రి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆయన పరువు తియ్యడం ఆమెకి ఇష్టం లేదు. నారణప్ప ఇంటికి వెళ్ళింది. శవం కుళ్ళుతోంది. ఇక శాస్త్రం కోసం ఆగలేకపోయింది. ఒక బండివాణ్ణి అడిగితే బ్రాహ్మణ శవం ముట్టనన్నాడు. అప్పుడు నారణప్ప స్నేహితుడైన అహ్మద్ బారి అనే ముస్లిం దగ్గరికి వెళ్ళింది. కష్టంలో ఎడ్లు కొనుక్కోవడానికి నారణప్ప డబ్బిచ్చిన కృతజ్ఞత అతనికుంది. రాత్రికి రాత్రే అతను శవాన్ని బండిలో వేసుకెళ్ళి దహనం చేశాడు. చంద్రి కాసిన్ని కన్నీళ్ళు కార్చి, మూటా ముల్లే సర్దుకుని కుందాపురం వెళ్ళిపోయింది.

ఈ సంగతి అగ్రహారంలో ఎవరికీ తెలియదు. వాళ్ళింకా తర్కిస్తూనే ఉంటారు. ఆకలితో పక్క ఊరికి పోతారు, అక్కడి నుంచి స్వామివారి మఠానికి పోతారు. వాళ్ళు ఏ శవం గురించి వాదించుకుంటున్నారో అది అప్పటికే బూడిద.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ పిల్ల మంచిది" అంది. "పోయినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని కూర్చోలేం. ఏదో ఒకటి చెయ్యాలి. అదే కదరా నేననేది." అన్నయ్య, "ఆ అమ్మాయి మంత్రాలు లేకుండానే చేసిందిగా అమ్మా" అన్నాడు. మూడో రోజు అన్న మాటలే ఇవి. కానీ ఈసారి గొంతులు లేవలేదు. ఇద్దరూ చంద్రి గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి కాబోలు.

అప్పుడే నేను దాటవేస్తూ వచ్చిన ముక్క కూడా చెప్పేశాను. నారణప్ప కూడా జ్వరం ముదిరి తెలివి తప్పాక తల్లినీ దేవుణ్ణీ పిలిచాడని చంద్రి తలుచుకుంటుంది. అమ్మ చప్పున నావైపు తిరిగింది. అన్నయ్య కూడా. కానీ అనంతమూర్తి దాన్ని తన తీర్పుగా రాయలేదు. చంద్రి మనసులో మాటగా రాశాడు. నారణప్ప మారాడని ఆయన ఎక్కడా అనలేదు. ఆ పిలుపులో చంద్రికి ఒక ఊరట దొరికింది. ఆ ఊరట ఆమెది. అది నారణప్ప జీవితకాలపు మాటని కొట్టెయ్యదు. ఆ పేజీలో నాన్న గీత ఏదీ లేదు. ఉంటే బాగుండునని నేను వెతికిన మాట మాత్రం నిజం.

తూకం ఎక్కడ తప్పింది?

భార్యని దహనం చేసి, ఆచార్యులు ఎక్కడికో తెలియకుండా నడుచుకుంటూ పోతాడు. దారిలో పుట్ట అనే వాగుడుకాయ తోడవుతాడు. మేళిగె ఊళ్ళో రథోత్సవం. జనం, కోడిపందాలు, కాఫీ హోటలు. భార్య పోయిన మైలలో ఉండి కూడా ఆచార్యులు గుళ్ళో సంతర్పణ పంక్తిలో కూర్చుంటాడు. ఎవరో గుర్తుపడతారన్న భయంతో మధ్యలో లేచి వచ్చేస్తాడు. ఇన్నేళ్ళూ తాను నారణప్ప కంటే భిన్నమని అనుకున్న మనిషికి, తనలోనూ ఒక నారణప్ప ఉన్నాడని తెలుస్తుంది. చివరికి అగ్రహారానికి తిరిగి వెళ్ళి అంతా చెప్పెయ్యాలని బయలుదేరతాడు. చెప్పాడా లేదా, చెబితే ఏమైంది అన్నది నవలలో లేదు. బండిలో ఆత్రంగా కూర్చున్న మనిషి దగ్గర కథ ఆగిపోతుంది.

"ఇదేం ముగింపు?" అంది అమ్మ. ఆవిడకి నచ్చలేదు. నాకు మాత్రం న్యాయంగానే అనిపించింది. ఆచార్యులు నిష్ఠ వదిలేశాడని రాస్తే అన్నయ్య పుస్తకం మూసి చప్పట్లు కొట్టేవాడు. ప్రాయశ్చిత్తం చేసుకున్నాడని రాస్తే అమ్మ దణ్ణం పెట్టుకునేది.

అయితే ఈ నవల తూకం అన్నిచోట్లా సరిగ్గా ఉందని నేననను. ముందుగా, నమ్మనివాడు మొదటి పేజీల్లోనే చచ్చిపోయాడు. అతని మాటలు మనం ఇతరుల జ్ఞాపకాల్లోనే వింటాం. నమ్మినవాడి మనసులోకి మాత్రం రచయిత పుటలకి పుటలు తీసుకెళతాడు. రెండోది ఆడవాళ్ళ సంగతి. అగ్రహారం ఆడవాళ్ళు చాలామంది వాడిపోయినట్టూ, సణుగుతున్నట్టూ కనిపిస్తారు. అందమూ జీవమూ చంద్రికీ, బెళ్ళి అనే దళిత యువతికీ ఇచ్చాడు. అదీ మగవాళ్ళ చూపులోంచి. భాగీరథికి ఇరవై ఏళ్ళు ఆ మంచం మీద ఏమనిపించిందో మనకి తెలియదు. ఆమె ఆయనకి మోక్షసాధనం. ఆమెకి ఆయన ఏమిటి? నిజంగా చేతులతో పని చేసిన చంద్రి సగం కథలోనే మాయమైపోతుంది.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. అదే ప్లేగుతో ఊరి చివర గుడిసెల్లో బెళ్ళి తల్లిదండ్రులు పోతారు. గుడిసెతో సహా నిప్పు పెట్టేస్తారు. ఏ శాస్త్రమూ, ఏ తర్కమూ లేదు. రచయిత దాన్ని రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు. అగ్రహారం చర్చంతా ఎంత చిన్న గీత లోపల జరుగుతోందో ఆ రెండు ముక్కలే చెబుతాయి.

మన పట్టాభి తీసిన సినిమా

ఈ నవలతో తెలుగువాళ్ళకి ఒక చుట్టరికం ఉంది. 1970లో దీన్ని కన్నడంలో సినిమాగా తీసింది మన నెల్లూరు కవి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. ప్రాణేశాచార్యులుగా గిరీష్ కర్నాడ్, నారణప్పగా పి. లంకేశ్, చంద్రిగా పట్టాభి భార్య స్నేహలతా రెడ్డి వేశారు. సెన్సారువాళ్ళు మొదట సినిమాని ఆపేశారు. తర్వాత విడుదలై, ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఎమర్జెన్సీలో స్నేహలత జైలుకి వెళ్ళారు. అక్కడ ఆరోగ్యం పాడై, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో పోయారు. అనంతమూర్తి 2014లో పోయారు. ఆయన పుట్టిన ఊరు మేళిగె. ఆచార్యులు మైలలో గుడి భోజనానికి కూర్చున్నది ఆ ఊళ్ళోనే.

సినిమా ఆపినవాళ్ళు భయపడింది ఒక కులం నొచ్చుకుంటుందని. నవల మీద కూడా ఆ అభ్యంతరం ఉంది. నమ్మినవాళ్ళని కించపరిచాడని కొందరన్నారు. నేను ఈసారి చదివినప్పుడు ఆ మాట మనసులో పెట్టుకునే చదివాను. ఆచార్యుల నిష్ఠని రచయిత తక్కువ చేసిన చోటు నాకు దొరకలేదు. ఆ నిష్ఠ లోపల ఆయన చూసుకోని గది ఒకటుందని మాత్రం చూపించాడు.

పదకొండో రోజు

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. నవల మా తగవు తీర్చిందని అనుకోకండి. ఏ నవలా ఆ పని చెయ్యదు.

పదో రోజు రాత్రి అన్నయ్య అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. "నేను పిండం పెట్టనమ్మా. నాన్నకి మాటిచ్చాను. పెడితే అది అబద్ధం అవుతుంది. కానీ నువ్వు చెయ్యాలనుకున్నది చేసుకో. నేను దగ్గరుంటాను" అన్నాడు. అమ్మ చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, "బాబాయి కొడుకుని అడుగుతాను. నువ్వు అన్నావని వాడితో అనకు" అంది.

మర్నాడు తెల్లవారుజామున కారు నడిపి మమ్మల్ని సీతానగరం రేవుకి తీసుకెళ్ళింది అన్నయ్యే. తమ్ముడు పిండం పెట్టాడు. అన్నయ్య పై మెట్టు మీద అమ్మ కళ్ళజోడూ చెప్పులూ పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ నీళ్ళలోంచి వచ్చేటప్పుడు జారబోతే చెయ్యి పట్టుకున్నాడు. గట్టు మీద అన్నం పెట్టాం. కాకి చాలాసేపు రాలేదు. అమ్మ ఆకాశంవైపు చూస్తోంది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. నవ్వలేదు, గడియారమూ చూసుకోలేదు. చివరికి ఒకటి వచ్చి వాలింది.

"పెద్దకొడుకు చేతి మీదుగా జరగలేదు. వెలితే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. "నాన్న మాట సగమే నిలబెట్టాను" అని అన్నయ్య అంటాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే అనుకుంటారు. ఒకరి ముందు ఒకరు, తమ వంతు నష్టం దాచుకోకుండా.

పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టాలని తీస్తే, అమ్మ ఇవ్వలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పూజగదిలో, రామాయణం పక్కన పెట్టుకుంది. ఆ పెన్సిలు గీతలు ఆయనవి కదా, అంది.